పల్లవి చెప్పమనకండి

ఏదో పాట గుర్తొస్తోంది, పేరు రావట్లేదు అనగానే మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "పల్లవి ఏంటి?" పల్లవి తెలీదంటే, "పోనీ చరణంలో ఏదైనా మాట?" అదీ లేదంటే, "సరే, ట్యూన్ హమ్ చెయ్." నేను గొంతు తగ్గించి "దుమ్... దుమ్... దుమ్..." అంటాను. అవతలివాళ్ళు నవ్వుతారు. "అది పాటేంట్రా, జెనరేటర్ శబ్దంలా ఉంది" అని ఒకడన్నాడు. పన్నెండేళ్ళ పాటు నేను పడ్డ అవస్థ ఇది. ఆ నవ్వు మీదే ఈ వ్యాసం.

నా వాదన ఇది. బేస్ లైన్ ఒక్కటే గుర్తున్నవాడికి పాట గుర్తులేనట్టు కాదు. వాడి దగ్గర పాటకి సంబంధించిన ఖచ్చితమైన సమాచారం ఉంది. దాన్ని పట్టి వెతికే అలవాటు మనకి లేదు, అంతే. నేను చేసే ఉద్యోగం భాషలో చెప్పాలంటే, డేటా ఉంది, దాని మీద ఇండెక్స్ లేదు. ఇండెక్స్ లేని కాలమ్‌లో వెతికి, "రికార్డు లేదు" అని తేల్చేస్తున్నాం.

ఈ ఇండెక్స్ తెలుగువాళ్ళకి మరీ ఎక్కువగా ఒకవైపు ఒరిగిపోయింది. మనకి పాట పేరే పల్లవి. ఇంగ్లీషు పాటకి మాటలతో సంబంధం లేకుండా కూడా ఒక శీర్షిక ఉండొచ్చు. మన సినిమా పాటకి పల్లవిలో మొదటి మూడు నాలుగు మాటలే పేరు. సినిమాహాలు బయట అమ్మిన పాటల పుస్తకాల్లో పాటంటే అచ్చయిన సాహిత్యం. అంత్యాక్షరిలో పాటంటే మొదటి అక్షరం. సాహిత్యం సైట్లలో పాటంటే అక్షరక్రమం. ఇక మన విమర్శ సంగతి: పాట గురించి పది పేజీలు రాస్తే అందులో ఏడు పేజీలు కవి గురించి, రెండు రాగం గురించి, ఒకటి గాయని గొంతు గురించి. ఇళయరాజా గురించి ఇంత రాసుకున్న మనం, ఆయన దగ్గర ఏళ్ళ తరబడి డ్రమ్స్ వాయించిన పురుషోత్తమన్ పేరు ఎన్ని వ్యాసాల్లో రాశాం? రెహమాన్ పాటల్లో కీత్ పీటర్స్ బేస్ విని పెరిగిన తరం మాది. ఆ పేరు నేను ఇంజనీరింగ్ అయిపోయాక గానీ వినలేదు.

సరే, నా కేసు చెప్తాను. వాదన దాంట్లోనే ఉంది.

మొదటి సంవత్సరం హాస్టల్. కాలేజీ పేరు అనవసరం. తెలుగు మీడియం నుంచి వచ్చినవాణ్ణి. క్లాసులో లెక్చరర్ ఇంగ్లీషు సగం అర్థమయ్యేది కాదు, అడగాలంటే భయం. పక్క గదిలో ఫైనల్ ఇయర్ అన్న ఉండేవాడు. ఆయన దగ్గర సబ్ ఊఫర్ ఉన్న స్పీకర్ల సెట్. రోజూ రాత్రి పదకొండు దాటాక ఒకే పాట పెట్టేవాడు. అది గోడ దాటి నా మంచం దాకా వచ్చేది. పాట రాలేదు, నిజానికి. దుమ్ దుమ్ దుమ్ ఒక్కటే వచ్చేది. ఆ దుమ్ములతో నాకు స్నేహం కుదిరింది. మెకానిక్స్ లెక్కలు దాని లయలోనే చేశాను. గొంతు గానీ, మాట గానీ, ట్యూను గానీ ఒక్కసారి కూడా వినలేదు. గోడకి అవతలి మనిషి సీనియర్ కాబట్టి వెళ్ళి అడిగే ధైర్యమూ లేదు. ఏడాది తిరగ్గానే ఆయన వెళ్ళిపోయాడు.

గోడ ఎందుకలా వడపోస్తుందో చిన్న లెక్క ఉంది. బరువైన గోడ ఎంత శబ్దాన్ని ఆపుతుందనేది ఫ్రీక్వెన్సీతో పాటు పెరుగుతుంది. ఫ్రీక్వెన్సీ రెట్టింపైన ప్రతిసారీ అడ్డు సుమారు 6 డెసిబెల్స్ ఎక్కువవుతుంది. బేస్ గిటార్‌లో అన్నిటికంటే లావు తీగని ఎక్కడా నొక్కకుండా మీటితే వచ్చే స్వరం 41 హెర్ట్జ్. గొంతులో మాటలు తెలిసేలా చేసే శబ్దాలు వెయ్యి హెర్ట్జ్, ఆపైన. 41 నుంచి వెయ్యికి నాలుగున్నర రెట్టింపులు. అంటే ఒకే గోడ గొంతుని బేస్ కంటే పాతిక డెసిబెల్స్ పైగా ఎక్కువ నొక్కేస్తుంది. ఇది పాఠ్యపుస్తకం లెక్క, అసలు గోడలు ఇంత బుద్ధిగా ఉండవు. కానీ పెళ్ళి డీజే ఊరవతల ఉన్నా, కారు అద్దాలెత్తుకుని సిగ్నల్ దగ్గర ఆగినా, మనదాకా వచ్చేది అడుగు భాగమే అన్నది అందరికీ అనుభవమే. అంటే బేస్ మాత్రమే గుర్తుండటం మతిమరుపు కాదు. చాలాసార్లు మనకి అందింది అంతే. అందిన దాన్ని నేను పూర్తిగానే గుర్తుపెట్టుకున్నాను.

పూర్తిగా అనుకున్నాను, అనాలి. అక్కడే మొదటి పొరపాటు.

ఏళ్ళ తరబడి నేను అందరికీ వినిపించింది సమానమైన నాలుగు దెబ్బలు: దుమ్, దుమ్, దుమ్, దుమ్. తర్వాత ఏదో కాస్త మెలిక. ఇలా అడిగితే ఎవరూ చెప్పలేరు. ఆ నాలుగు దెబ్బలు ప్రపంచంలో సగం డాన్సు పాటల్లో ఉంటాయి. ఫోన్లో కూనిరాగం విని పాట చెప్పే సౌకర్యం వచ్చాక దానికీ పాడాను. మూడుసార్లు పాడితే మూడు వేర్వేరు పాటలు చూపించింది, మూడూ నెమ్మదైన ప్రేమపాటలు.

తప్పు అప్లికేషన్లదే అని తేల్చెయ్యడం సులువు. కానీ అవి దేన్ని వెతుకుతాయో తెలిస్తే కోపం సరైన చోటికి పోతుంది. ఇందులో రెండు రకాలున్నాయి. షాజామ్ పద్ధతిని ఎవరీ వాంగ్ 2003లో ఒక పేపర్‌గా రాశాడు. శబ్దాన్ని కాలం, ఫ్రీక్వెన్సీల పటంగా గీస్తే అందులో బలంగా వెలిగే చుక్కలు కొన్ని ఉంటాయి. రెండేసి చుక్కల్ని జతచేసి, వాటి ఫ్రీక్వెన్సీలూ మధ్యన ఉన్న సమయమూ కలిపి ఒక సంకేతం చేస్తారు. మీ ఫోన్ విన్న సంకేతాలు డేటాబేస్‌లో ఏ రికార్డింగ్ సంకేతాలతో వరసగా కలుస్తాయో అదే జవాబు. అది గుర్తుపట్టేది పాటని కాదు, ఆ ఒక్క రికార్డింగ్‌ని. అదే గాయకుడు అదే పాటని స్టేజీ మీద పాడినా దానికి అది వేరే వస్తువు. నా గొంతులోని దుమ్ములు దానికి ఏమీ కావు.

రెండో రకం కూనిరాగంతో వెతికేవి. వీటి వెనకున్న ఆలోచన ఫోన్ల కంటే పాతది. డెనిస్ పార్సన్స్ అనే ఆయన 1975లో ట్యూన్ల డైరెక్టరీ ఒకటి వేశాడు. స్వరాలు తెలియనివాళ్ళు కూడా వెతుక్కునేలా, ప్రతి స్వరం ముందుదాని కంటే పైకెళ్ళిందా, కిందికెళ్ళిందా, అక్కడే ఉందా అన్నది మాత్రమే రాశాడు. పైకైతే `U`, కిందికైతే `D`, మళ్ళీ అదే అయితే `R`. మొదటి స్వరానికి ఒక చుక్క గుర్తు. గొంతుతో పాడే ట్యూన్‌కి ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది, ఎందుకంటే ట్యూన్ బతికేదే ఎక్కడం దిగడంలో. నా బేస్ లైన్ మొదటి భాగాన్ని ఇందులో రాస్తే ఇలా వస్తుంది:

```
*RR
```

అంతే. అక్కడే ఉంది, అక్కడే ఉంది. బేస్ ఒకే స్వరాన్ని పదే పదే కొడుతుంది. దాని గుర్తింపు ఎక్కడం దిగడంలో తక్కువ, ఎప్పుడు కొట్టింది, ఎప్పుడు ఆగింది అన్నదాంట్లో ఎక్కువ. పార్సన్స్ సంకేతం కాలాన్ని పూర్తిగా వదిలేసింది. ఇప్పటి కూనిరాగం వెతుకులాటలు దానికంటే ఎంతో తెలివైనవే, కానీ మీరు పైగొంతు ట్యూన్ పాడుతున్నారనే నమ్మకంతో మొదలవుతాయి. పాటంటే పైన వినపడేది అన్న మన పాత అభిప్రాయమే కోడ్‌లోకి వెళ్ళింది.

నాకు దారి చూపించింది మా ఆఫీసులో టెస్టింగ్ టీమ్‌లో ఉన్న ఒకాయన. వాళ్ళ ఊరి చర్చిలో పదిహేనేళ్ళుగా బేస్ వాయిస్తున్నాడు. క్యాంటీన్‌లో నా దుమ్ములు వినిపించాను. ఆయన నవ్వలేదు. టేబుల్ మీద వేలితో కొడుతూ అడిగాడు:

"నాలుగో దెబ్బ కూడా అదే స్వరమా?"

"అదే అనుకుంటా."

"అనుకోవద్దు సార్, పాడండి. మూడోది పాడి ఆపండి. ఇప్పుడు నాలుగోది."

పాడబోయాను. మొదటి మూడు దెబ్బలకీ గొంతు ఒక శ్రుతిలో నిలబడింది. నాలుగోదానికి నిలబడటానికి ఏమీ లేదు. గుర్తున్నది ఒక తోపు, ఛాతీలో తగిలిన దెబ్బ. శ్రుతి లేదు.

"అది బేస్ కాదు, కిక్ డ్రమ్. గోడ అవతల్నించి వింటే రెండూ ఒకటే అనిపిస్తాయి. బేస్ మూడే కొట్టాడు, నాలుగోది వదిలేశాడు. మీరు ఆ ఖాళీని డ్రమ్ముతో పూడ్చేశారు."

బేస్ ఒక్కటే గుర్తున్నవాళ్ళు చేసే ప్రధానమైన తప్పు ఇదేనని ఆ తర్వాత నాకు అర్థమైంది. ఖాళీలు గుర్తుండవు. మెదడు దగ్గర్లో ఉన్న ఏదో ఒక దెబ్బ తెచ్చి అక్కడ పెట్టేస్తుంది. సరిచూసుకునే పద్ధతి ఆయన చూపించిందే: ప్రతి దెబ్బనీ పాడి చూడాలి. శ్రుతి దొరికితే బేస్, దొరక్కపోతే డ్రమ్. అలా విడదీశాక ఒక టిష్యూ పేపర్ మీద ఆయన గీసింది ఇది:

```
         1 . 2 . 3 . 4 .
బేస్      x . x . x . . .
కిక్      x . x . x . x .
```

కింది వరస చూడండి. నాలుగు బీట్లకీ నాలుగు కిక్‌లు. దీన్నిబట్టి ఏం తెలుస్తుంది? కాలం, జాతి తెలుస్తాయి. 1970ల చివరి డిస్కో, దాని పిల్లలు. అంతకుమించి ఏమీ తెలీదు. ఇక్కడ నా పక్షంవాళ్ళతోనే నాకు పేచీ. డ్రమ్స్ ప్యాటర్న్ విని పాట చెప్పొచ్చు అని గొప్పలు పోయేవాళ్ళున్నారు. చాలాసార్లు చెప్పలేం. తీన్మార్ దెబ్బ వినిపించి ఏ పాటో చెప్పమంటే హైదరాబాదులో ఎవరైనా చెప్పగలరా? అది వంద పాటల కింద అదే దెబ్బ. 1969లో విన్‌స్టన్స్ బృందం "ఆమెన్, బ్రదర్" అనే రికార్డు వేసింది. అందులో గ్రెగరీ కోల్‌మన్ ఒంటరిగా వాయించిన నాలుగు బార్ల డ్రమ్స్ ముక్కని తర్వాతివాళ్ళు కోసుకుని వేలాది పాటల్లో వాడుకున్నారు. ఆ ముక్క ఒక్కటే గుర్తున్నవాడు వేల పాటల ముందు నిలబడాలి. "వి విల్ రాక్ యు" లాంటివి ఉన్నాయి: రెండు కాలి దెబ్బలు, ఒక చప్పట్టు, పేరు వచ్చేస్తుంది. అక్కడ గొంతు కింద ఆ దెబ్బ తప్ప దాదాపు ఇంకేమీ లేదు కాబట్టి అది సాధ్యమైంది. మామూలుగా డ్రమ్ము ఊరి పేరు చెప్తుంది, ఇంటి నంబరు బేస్ చెప్తుంది. డ్రమ్ మాత్రమే గుర్తుంటే, తిరిగి తిరిగి వచ్చే ప్యాటర్న్‌ని కాదు, అది ఒక్కసారి తప్పిన చోటుని గుర్తుతెచ్చుకోండి. ఫిల్ కాలిన్స్ "ఇన్ ది ఎయిర్ టునైట్"లో మూడు నిమిషాలు దాటాక ఒక్కసారిగా విరుచుకుపడే డ్రమ్స్ లాంటి సంఘటన ఉంటే దాన్ని.

పై వరసకి వద్దాం. మూడు దెబ్బలు, ఒక ఖాళీ. మావాడు వెంటనే రెండు పాటలు చెప్పాడు. ఒకటి క్వీన్ బృందం "అనదర్ వన్ బైట్స్ ద డస్ట్", 1980, బేస్ జాన్ డీకన్. ఇంకోటి షీక్ బృందం "గుడ్ టైమ్స్", 1979, బేస్ బెర్నార్డ్ ఎడ్వర్డ్స్. రెండూ ఒకే స్వరం మీద మూడు దెబ్బలతో మొదలవుతాయి. వేగం కూడా దాదాపు ఒకటే, నిమిషానికి సుమారు 110 బీట్లు. కిక్ రెండిట్లోనూ నాలుగు బీట్లకీ. డ్రమ్స్‌తో వీటిని విడదీయలేం. ట్యూన్ లేదు, మాట లేదు. మరెలా?

ఆయన అడిగిన రెండో ప్రశ్న: "ఇల్లు మారుతుందా?"

అంటే, మొదటి స్వరాన్ని మన షడ్జమం అనుకుంటే, బేస్ దాని చుట్టూనే తిరిగి వస్తుందా, లేక సామాను సర్దుకుని ఇంకో స్వరం మీదికి వెళ్ళి అక్కడ కాపురం పెడుతుందా? డీకన్ లైన్ రెండు బార్లది. మొదటి బార్లో మూడు దెబ్బలు, రెండో బార్లో మళ్ళీ స మీదే ఉండి చివర్లో గ, మ లను తాకి వెనక్కి. ఇల్లు మారదు, గుమ్మం దాకా వెళ్ళొస్తుంది. ఎడ్వర్డ్స్ లైన్ నాలుగు బార్లది. మొదటి రెండు బార్లు స మీద. తర్వాత నడుచుకుంటూ మధ్యమం మీదికి వెళ్ళి రెండు బార్లు అక్కడే ఉంటుంది. మళ్ళీ షడ్జమానికి. బార్‌కి నాలుగు బీట్లు కాబట్టి, ఆదితాళం తెలిసినవాళ్ళకి ఇంకా సులువు: ఒక ఆవర్తనం ఇక్కడ, ఒక ఆవర్తనం అక్కడ. మొత్తం తిరిగి రావడానికి తొమ్మిది సెకన్లు కూడా పట్టదు.

నాకు జవాబు తెలుసు. ఏడాది పాటు రోజూ రాత్రి ఆ ఇల్లు మారడం కోసమే ఎదురుచూసేవాణ్ణి. అది పైకి జరిగినప్పుడల్లా గదిలో ఎవరో దీపం వేసినట్టుండేది. దాన్ని ఎవరికీ చెప్పలేదు, ఎందుకంటే అది పాటలో భాగం అని నాకే తెలీదు. "తర్వాత ఏదో కాస్త మెలిక" అని నేను పన్నెండేళ్ళు తోసిపారేసింది దాన్నే.

అంటే "గుడ్ టైమ్స్". ఇంటికెళ్ళి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. మొదటి ఆవర్తనానికే తెలిసిపోయింది. తమాషా ఏంటంటే ఆ పాట నేను అంతకుముందు కనీసం రెండుసార్లు విన్నాను, ఫోన్ స్పీకర్లో. అప్పుడు ఏమీ తట్టలేదు. ఫోన్ స్పీకర్ అంత కిందికి దిగలేదు. 41 హెర్ట్జ్ అందులో దాదాపు ఉండదు, దాని పైన పుట్టే పలచని ఛాయలు తప్ప. గోడ నాకు పాటలో కిందిభాగం ఇచ్చింది, ఫోన్ పైభాగం ఇచ్చింది. రెండూ ఒకే పాటవని ఎలా తెలుస్తుంది? బేస్‌తో వెతికేవాళ్ళు ఫోన్ స్పీకర్లో విని "ఇది కాదు" అనుకోవడం రెండో పెద్ద తప్పు.

కానీ కథ అక్కడ ఆగలేదు. ఒక అనుమానం మిగిలింది. "గుడ్ టైమ్స్" పొడవైన ఆల్బమ్ వెర్షన్ కూడా ఎనిమిది నిమిషాల పైచిలుకే. హాస్టల్లో నేను విన్నది అంతకంటే చాలా ఎక్కువసేపు నడిచేది. ఒక పొడుగు లెక్క మొదలుపెట్టి అది ముగిసేలోపు చెయ్యాలని పందెం వేసుకునేవాణ్ణి, కాబట్టి తెలుసు. పావుగంట దగ్గర్లో ఉండేది. మధ్యలో ఎక్కడా బేస్ విరామం తీసుకునేది కాదు.

అలాంటి పాట ఒకటుంది. అదే 1979లో షుగర్‌హిల్ గ్యాంగ్ వేసిన "రాపర్స్ డిలైట్". అమెరికా టాప్ 40లోకి వెళ్ళిన మొదటి ర్యాప్ పాట. దాని కింద నడిచేది ఎడ్వర్డ్స్ బేస్ లైనే. రికార్డు నుంచి కోసి అతికించింది కాదు, స్టూడియోలో వాద్యకారులు మళ్ళీ వాయించారు. పొడుగు వెర్షన్ పద్నాలుగున్నర నిమిషాలు. లెక్కేస్తే ఆ నాలుగు బార్ల చుట్టు వంద సార్లు. బేస్ లైన్ కూడా ఒక్కోసారి ఇంటి నంబరు దాకా తెచ్చి, పైన రెండు పోర్షన్లున్నాయని చెప్తుంది. అప్పుడు ఏ పోర్షనో తేల్చేది స్వరం కాదు, ఎంతసేపు ఆగకుండా నడిచిందన్న జ్ఞాపకం.

ఇక్కడ ఆ పాట చరిత్రలో ఒక సంగతి నా వాదనకి అవసరం. "రాపర్స్ డిలైట్" మొదట బయటికొచ్చినప్పుడు రచయితలుగా ఎడ్వర్డ్స్ పేరూ, షీక్‌లో గిటార్ వాయించే నైల్ రోజర్స్ పేరూ లేవు. వాళ్ళు కోర్టుకి వెళ్తామన్నాక పేర్లు చేరాయి. దాని అర్థం ఆలోచించండి. ఆ పావుగంటలో గుక్కతిప్పుకోకుండా చెప్పిన ర్యాప్ వీళ్ళు రాసింది కాదు. అయినా పాట రచయితలుగా వీళ్ళ పేర్లు పెట్టక తప్పలేదు, ఎందుకంటే ఆ మాటలన్నీ నిలబడింది వీళ్ళ నేల మీద. పైన పల్లవి మొత్తం మార్చేసినా కింద పాట మిగిలే ఉంది. బేస్ అనేది పాటకి వేసే పునాది మాత్రమే, పాట కాదు అనేవాళ్ళు దీనికేం చెప్తారు?

చెప్తారు, నాకు తెలుసు. "అది వాళ్ళ సంగీతం. మనది రాగప్రధానం, సాహిత్యప్రధానం. మన పాటని బేస్‌తో గుర్తుపట్టాల్సిన పనేముంది?" అంటారు. శాస్త్రీయ కచేరీ గురించైతే నేను నోరు మూసుకుంటాను. కానీ 1970ల నుంచీ మన సినిమా పాటలో బేస్ గిటార్ ఉంది, ఆ తర్వాత సింథ్ బేస్ ఉంది. మనం ఆటోల్లో, పెళ్ళిళ్ళలో, జిమ్ముల్లో వినేది ఆ పాటే. మనం పెరిగిన పాటకి రెండంతస్తులుంటే, పై అంతస్తు గురించి మాత్రమే రాసి దానికి సంప్రదాయం అని పేరు పెట్టడం నిజాయితీ కాదు. ఇంకొకటి: సాహిత్యం తెలిసినవాడికే పాట తెలిసినట్టు అన్న పట్టింపు వెనక, మాట అందనివాడి వినికిడికి విలువ లేదన్న మాట కూడా ఉంది. ఆ ఏడాది నేను అలాంటివాణ్ణే. గోడ లేకపోయి ఉంటే నాకు ముందు వినపడేది అర్థంకాని వేగంలో ఇంగ్లీషు. క్లాసులో భయపడ్డట్టే దానికీ భయపడేవాణ్ణి. చెవులు మూసుకుని పడుకునేవాణ్ణి. మాటల్ని గోడ ఆపేసింది కాబట్టే పాట నాదాకా వచ్చింది.

కాబట్టి ఈ పేజీల్లో పాటల గురించి రాసేవాళ్ళకి నా డిమాండ్ పెద్దదేం కాదు. పాట మీద రాసేటప్పుడు కింద ఏం నడుస్తోందో ఒక్క వాక్యం రాయండి. బేస్ ఎక్కడ ఆగుతోంది, ఎన్ని బీట్లకి ఇల్లు మారుతోంది, అంతే చాలు. వాయించిన మనిషి పేరు తెలిస్తే రాయండి. సాహిత్యం సైట్లు నడిపేవాళ్ళు గాయకుడి పేరు కింద ఇంకో వరస ఖాళీగానైనా ఉంచండి, తెలిసినవాళ్ళు నింపుతారు. ఇక ఎవరైనా మీ దగ్గరికొచ్చి సిగ్గుపడుతూ "దుమ్ దుమ్" అంటే పల్లవి అడక్కండి. మూడు ప్రశ్నలు అడగండి. ఖాళీ ఎక్కడ? ఇల్లు మారుతుందా, మారితే ఎన్ని బీట్లకి? ఎంతసేపు నడిచింది? ఈ మూడిటికీ జవాబులు దాదాపు ఎప్పుడూ వాళ్ళ దగ్గరే ఉంటాయి. అడిగేవాళ్ళు లేక వాటిని "ఏదో మెలిక" అని వాళ్ళే తీసి పక్కన పెట్టేసి ఉంటారు.

చివరికి ఆ సీనియర్ని పట్టుకున్నాను. బ్యాచ్ వాట్సాప్ గ్రూపుల్లో ఇద్దరు ముగ్గుర్ని దాటి నంబరు సంపాదించి ఫోన్ చేశాను. నేనెవరో చెప్పడానికే ఐదు నిమిషాలు పట్టింది.

"అన్నా, రోజూ రాత్రి ఒక పాట పెట్టేవాడివి, గుర్తుందా? పావుగంట పాట."

"ఓ, అదా! సబ్ ఊఫర్ కొన్నప్పుడు షాపువాడు టెస్టింగ్ కోసమని సీడీలో వేసిచ్చిండు తమ్మీ. పేరు లేదు దానికి, ట్రాక్ త్రీనో ఏదో ఉండె. ఒకడు ఇంగ్లీషుల ఆగకుండ మాట్లాడుతనే ఉంటడు చూడు, నాకు ఒక్క ముక్క సమజయ్యేది కాదు."

"మరి రోజూ ఎందుకు పెట్టేవాడివి?"

"మాటలెవడు విన్నడు? కింద బేస్ మంచిగుండె."